అమ్మ జీతంలో తగ్గిన 2,457 రూపాయలు

ప్రశ్న: నమస్కారం సర్. మాది తెలంగాణలో ఒక చిన్న పట్టణం. మా అమ్మ 11 ఏళ్లుగా మునిసిపాలిటీలో వీధులు ఊడ్చే పని చేస్తోంది. పని చెప్పేది మునిసిపాలిటీ వాళ్లే, జీతం మాత్రం ఏజెన్సీ ఇస్తుంది. ఇప్పటికి మూడు ఏజెన్సీలు మారాయి. అమ్మ జీతం 15,600 అని కాగితాల్లో ఉందట. ఒక్క నాగా లేని నెలలో కూడా బ్యాంకులో పడేది 11,076 రూపాయలే. పీఎఫ్, ఈఎస్ఐ పోతాయని మేస్త్రీ అంటాడు. మునిసిపాలిటీ మాత్రం ఒక్కో మనిషికి 18 వేల పైనే ఇస్తోందని విన్నాం. పైగా రెండు నెలల జీతం రాలేదు. ఆఫీసుకు వెళ్తే "ఏజెన్సీని అడగండి" అన్నారు, ఏజెన్సీని అడిగితే "బిల్లు రాలేదు" అన్నారు. ఇలా ఇవ్వడం వల్ల పట్టణానికి ఖర్చు తగ్గుతోందని మా వార్డు నాయకుడు అంటున్నారు. మొత్తం 64 మంది ఉన్నారు. గట్టిగా అడిగితే పనిలోంచి తీసేస్తారని అమ్మ భయం. ఆ డబ్బు ఎక్కడికి పోతోంది? ఎవరిని అడగాలి? అమ్మ ఎప్పటికైనా పర్మనెంట్ అవుతుందా?
— డిగ్రీ చదువుతున్న ఒక పాఠకురాలు

సమాధానం: బ్యాంకులో పడే మొత్తాన్ని చివరి రూపాయి దాకా రాసి మంచి పని చేశారు. మునిసిపల్ అకౌంట్స్ విభాగంలో ఇలాంటి బిల్లులు చూస్తూ ఉద్యోగం చేసినవాణ్ణి కనుక ఆ 11,076 చూడగానే కాగితం, కలం తీసుకున్నాను. ఆ అంకె ఊరికే వచ్చింది కాదు. దాన్ని విప్పితే మీ మొదటి ప్రశ్నకు చాలావరకు జవాబు దొరుకుతుంది.

నెలంతా పని చేస్తే జీతం 15,600 అనుకుందాం. 2021 వేతన సవరణలో తెలంగాణలో అవుట్‌సోర్సింగ్ సిబ్బందికి పెట్టిన మూడు శ్రేణుల్లో అడుగు శ్రేణి అదే. ఇందులోంచి కార్మికురాలి వాటాగా తీయాల్సినవి మూడే మూడు. ఒకటి పీఎఫ్. 15,000 గరిష్ఠ పరిమితి మీద 12 శాతం, అంటే 1,800. రెండోది ఈఎస్ఐ, 0.75 శాతం, 117 రూపాయలు. మూడోది వృత్తి పన్ను, 150. ఈ మూడూ పోగా మీ అమ్మగారి చేతికి రావలసింది 13,533.

యజమాని తన జేబులోంచి కట్టాల్సిన వాటా వేరే ఉంటుంది. పీఎఫ్ కింద బీమా, నిర్వహణ చార్జీలతో కలిపి 13 శాతం, అంటే 1,950. ఈఎస్ఐ కింద 3.25 శాతం, అంటే 507. రెండూ కలిపితే 2,457. ఇప్పుడు 13,533లోంచి 2,457 తీసేయండి. సరిగ్గా 11,076 మిగులుతుంది.

అంటే ఏజెన్సీ మీ అమ్మగారి వాటాతో పాటు తన వాటాను కూడా ఆమె జీతంలోంచే కోస్తోందన్నమాట. కాగితం చూడకుండా ఇది రుజువైపోయిందని నేను అనను. కానీ నాగా లేని నెలలో రూపాయి తేడా లేకుండా లెక్క కుదిరితే మరో కారణం వెతకాల్సిన పని పెద్దగా ఉండదు. యజమాని వాటాను కార్మికుల జీతంలోంచి కోయకూడదని పీఎఫ్ నిబంధనలూ చెబుతాయి, ఈఎస్ఐ నిబంధనలూ చెబుతాయి. కార్మికుడు ఒప్పుకొని సంతకం పెట్టినా ఆ ఒప్పందం చెల్లదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ యజమాని వాటాను మునిసిపాలిటీ ఏజెన్సీకి విడిగా ఇస్తుంది. మీరు విన్న "18 వేల పైన" అదే. జీతం 15,600, యజమాని వాటా 2,457, వెరసి 18,057. దాని మీద ఏజెన్సీ కమిషన్. జీతం మీద 2 శాతం అనుకుంటే 312. బిల్లు మనిషికి 18,369 అవుతుంది. కచ్చితమైన శాతం మీ అగ్రిమెంటులో ఉంటుంది. కాబట్టి ఏజెన్సీ తన వాటాను మునిసిపాలిటీ దగ్గర ఒకసారి, మీ అమ్మగారి దగ్గర ఒకసారి, రెండుసార్లు వసూలు చేసుకుంటోంది. 64 మంది మీద ఇది నెలకు 1,57,248 రూపాయలు, ఏడాదికి 18 లక్షల 86 వేల పైచిలుకు. అగ్రిమెంటులో చూపించిన కమిషన్ ఇదే లెక్కన ఏడాదికి రెండు లక్షల నలభై వేలు కూడా దాటదు. ఏజెన్సీ అసలు ఆదాయం దేనిమీద ఉందో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

టెండరు తెరిచిన రోజున ఒక శాతం, అర శాతం, కొన్నిచోట్ల సున్నా కమిషన్‌కు కూడా ఏజెన్సీలు ముందుకొస్తాయి. కొత్తవాళ్లు చూసి ప్రభుత్వానికి ఎంత ఆదా అయిందో అనుకుంటారు. పాతవాళ్లు మాత్రం ఇది ఎక్కడ రాబట్టుకుంటాడో అనుకుంటారు. సున్నా కమిషన్‌తో ఆఫీసు అద్దె కట్టి, సూపర్‌వైజరుకు జీతమిచ్చి, రెండు నెలల జీతాలకు సొంత పెట్టుబడి పెట్టేవాడు ఎవడూ ఉండడు. రాబట్టుకునే దారులు కొన్నే. మీ ఇంట్లో జరిగిన రెండు వాటాల కోత మొదటిది. మస్టర్‌లో 64 పేర్లుండి రోడ్డు మీద 55 మందే ఉండటం రెండోది. పీఎఫ్ కోసి సగం రోజులకే కట్టడం మూడోది. పనిలో పెట్టుకునేటప్పుడు కార్మికుల దగ్గరే డబ్బు గుంజడం నాలుగోది. వీటిలో ఏదీ చీపురుతో, చెత్తతో సంబంధం ఉన్నది కాదని గమనించండి.

ఖర్చు తగ్గుతోందన్న మాట దగ్గరికి ఇక్కడినుంచే వెళ్లాలి. వీధి ఊడ్చే పనిలో ఖర్చంటే దాదాపు అంతా జీతమే. చీపురు, తోపుడు బండి, చేతి తొడుగులు పోను మిగిలినదంతా మనుషుల కూలి. కాంట్రాక్టరు తెచ్చే కొత్త యంత్రం లేదు, కొత్త పద్ధతి లేదు. అదే మేస్త్రీ, అదే వీధి, అదే మనిషి. అలాంటప్పుడు ఖర్చు తగ్గిందంటే జీతమైనా తగ్గాలి, మనుషులైనా తగ్గాలి. చెత్తను నొక్కి ఎత్తే పెద్ద వాహనాలు, డంపింగ్ యార్డు శుద్ధి వంటి పనుల్లో పెట్టుబడి, నైపుణ్యం కొనుక్కోవడంలో అర్థం ఉండవచ్చు. వాటికి నేను అడ్డు చెప్పను. మనుషుల్ని మాత్రమే సరఫరా చేసే టెండరులో కొనేది ఏమీ లేదు.

మీ వార్డు నాయకుడి మాట పూర్తిగా అబద్ధమని కూడా అనలేను. అదే 2021 సవరణలో రెగ్యులర్ ఉద్యోగి కనీస మూలవేతనం 19,000గా పెట్టారు. దాని మీద కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం, ఏటా ఇంక్రిమెంటు ఉంటాయి. 11 ఏళ్ల సర్వీసున్న రెగ్యులర్ కార్మికురాలితో పోలిస్తే మీ అమ్మగారిపై మునిసిపాలిటీ పెట్టే 18 వేలు చాలా తక్కువే. ఆ ఆదా నిజమే, కానీ అది ఏజెన్సీ సామర్థ్యం వల్ల వచ్చింది కాదు. ఆమెను రెగ్యులర్ కొలువు బయట ఉంచడం వల్ల వచ్చింది. మధ్యలో ఏజెన్సీ లేకుండా మునిసిపాలిటీయే నేరుగా 15,600 ఇచ్చినా ఆ ఆదా అలాగే ఉంటుంది. పైగా కమిషన్ కూడా మిగులుతుంది.

2025 ఆగస్టులో చెన్నైలో జరిగింది ఇదే. రాయపురం, తిరువికా నగర్ మండలాల పారిశుద్ధ్యాన్ని ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించినప్పుడు, కార్పొరేషన్ కింద నెలకు సుమారు 23 వేలు అందుకుంటున్న కార్మికులు కంపెనీ కింద 17 వేల లోపుకు పడిపోతామని కార్పొరేషన్ ప్రధాన కార్యాలయమైన రిప్పన్ భవనం ముందు కూర్చున్నారు. ఆగస్టు 13 అర్ధరాత్రి పోలీసులు వాళ్లను అక్కడినుంచి తొలగించారు. ఆ నగరంలో తరాలుగా ఈ పని చేస్తున్నవారిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. వీధులు మారలేదు, చెత్త మారలేదు, మారింది జీతం ఇచ్చే చెయ్యి మాత్రమే.

ఇక ఎవరిని అడగాలన్నది. "ఏజెన్సీని అడగండి" అన్న జవాబు చట్టం ముందు నిలవదు. కాంట్రాక్టు కార్మికుల విషయంలో పని ఎవరి కోసం జరుగుతుందో వాళ్లను చట్టం ప్రధాన యజమాని అంటుంది. మీ విషయంలో అది మునిసిపాలిటీ, దాని తరఫున కమిషనర్. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో 21వ సెక్షన్ ప్రకారం కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోయినా, తక్కువ ఇచ్చినా, ఆ మొత్తాన్ని ప్రధాన యజమాని కార్మికులకు చెల్లించి, తర్వాత కాంట్రాక్టరు బిల్లులోంచి రాబట్టుకోవాలి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి ఆ చట్టం వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. కానీ ఈ బాధ్యత పోలేదు, ఆ కోడ్‌లోని 55వ సెక్షన్‌లో ఉంది. నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీలోగా ఇవ్వాలన్నది వేతనాల కోడ్. మునిసిపాలిటీ నుంచి బిల్లు రాలేదన్నది కాంట్రాక్టరుకూ మునిసిపాలిటీకీ మధ్య తగవు, అది జీతం ఆపడానికి కారణం కాదు.

పాత చట్టంలో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటుండేది. జీతాలు పంచేటప్పుడు ప్రధాన యజమాని మనిషి ఒకరు దగ్గరుండి, ఫలానా తేదీన, ఫలానా చోట, నా సమక్షంలో ఈ మొత్తాలు చెల్లించారని రిజిస్టరు చివర సంతకం పెట్టాలి. నగదు చెల్లింపుల కాలంలో ఆ సంతకాలు చాలాచోట్ల ఆఫీసు బల్ల దగ్గరే పడిపోయేవి. ఇప్పుడు జీతం బ్యాంకు ద్వారా వస్తోంది కనుక ఆ సంతకం చేయాల్సిన పనిని బ్యాంకు స్టేట్‌మెంటు చేయాలి. బిల్లు పాస్ చేసే గుమాస్తా ముందు నాలుగు కాగితాలు ఉండాలి: శానిటరీ ఇన్‌స్పెక్టర్ ధ్రువీకరించిన మస్టర్, కిందటి నెల జీతాలు ఎవరి ఖాతాలో ఎంత పడ్డాయో చూపే బ్యాంకు జాబితా, పీఎఫ్ చలానా దానితోపాటు పేరువారీ జాబితా, ఈఎస్ఐ చలానా. వీటిలో రెండోదాన్ని, మూడోదాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే మనం వేసిన లెక్క ఐదు నిమిషాల్లో బయటపడుతుంది. చలానా ఉందా లేదా అని చూసి టిక్ పెట్టడం ఒకటి, చలానాలోని పేరు పక్కన పడిన జీతాన్ని చూడటం ఇంకొకటి. ఎక్కువ ఆఫీసుల్లో జరిగేది మొదటిదే.

జవాబుదారీతనం ఎక్కడ జారిపోతుందో ఇందులోనే తెలుస్తుంది. ఉదయం ఐదున్నరకు మస్టర్ వేసేది, ఏ వీధికి వెళ్లాలో చెప్పేది, రాకపోతే గైర్హాజరు పెట్టేది మునిసిపాలిటీ. జీతం దగ్గరికి వచ్చేసరికి ఆమె ఎవరో తనకు తెలియదంటుంది. ఏజెన్సీ బిల్లు రోజున తప్ప కనిపించదు. వీధి ఊడ్వలేదని పౌరుడు అడిగితే మునిసిపాలిటీ ఏజెన్సీకి జరిమానా వేస్తుంది. ఆ జరిమానాను ఏజెన్సీ కార్మికుల జీతంలోంచి కోస్తుంది. చివరకు సగం జీతంతో రెండింతల వీధులు ఊడ్చిన మనిషే దండుగ కట్టినట్టవుతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సిన పనులు. ముందు మునిసిపాలిటీ దగ్గరికి వెళ్లకండి. అమ్మగారి యూఏఎన్, అంటే ఏజెన్సీలు మారినా మారని పీఎఫ్ నంబరుతో passbook.epfindia.gov.in లో గానీ ఫోనులో ఉమంగ్ యాప్‌లో గానీ పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. ఓటీపీ ఆధార్‌కు జోడించిన ఫోనుకు వస్తుంది, చాలామంది ఆగిపోయేది అక్కడే. నంబరు మారిపోయి ఉంటే ముందు దాన్ని సరిచేయించండి. పాస్‌బుక్‌లో నెలవారీగా జీతం, ఉద్యోగి వాటా, యజమాని వాటా, పెన్షన్ వాటా వరుసగా ఉంటాయి. మీ అమ్మగారి పేరు మీద ప్రతి నెలా జీతం 15,000, ఉద్యోగి వాటా 1,800, యజమాని వాటా 550, పెన్షన్ 1,250 కనిపించాలి. యజమాని 12 శాతంలో 8.33 శాతం పెన్షన్‌కు పోతుంది కనుక అది అలా రెండుగా చీలుతుంది. నిర్వహణ చార్జీలు అందులో కనిపించవు.

ఈ వరుస సరిగ్గా ఉంటే ఏజెన్సీ పీఎఫ్ కడుతోంది, కానీ మీ అమ్మగారి డబ్బుతో కడుతోంది. జీతం గడిలో 7,000 అనో 8,000 అనో ఉంటే సగం రోజులే పని చేసినట్టు చూపించి మిగతాది మింగేస్తోంది. కొన్ని నెలలు అసలు లేకపోతే అది మూడో రకం, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది. ఈ మూడింట్లో మీది ఏదో తెలిస్తే ఫిర్యాదు ఎలా రాయాలో తెలుస్తుంది. ఈఎస్ఐ కూడా చూడండి. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉంటే తప్ప జబ్బు చేసినప్పుడు నగదు భృతి రాదు. ఏజెన్సీ ఎగవేసిన సంగతి కార్మికులకు తెలిసేది సాధారణంగా ఆసుపత్రిలోనే.

మూడు ఏజెన్సీలు మారాయన్నారు. ప్రతి ఏజెన్సీ కొత్త సభ్యత్వ సంఖ్య ఇస్తుంది, అది సహజం. అవన్నీ ఒకే యూఏఎన్ కింద కనిపించాలి. కొన్ని ఏజెన్సీలు పాత నంబరు అడిగే శ్రమ పడకుండా కొత్త యూఏఎన్ తీసేస్తాయి. అలా జరిగి ఉంటే పాత డబ్బు అక్కడే ఉంటుంది కానీ సర్వీసు ముక్కలుగా కనిపిస్తుంది. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. మీ అమ్మగారికి 11 ఏళ్లయింది కనుక ఈ ముక్కలను కలిపించడం చిన్న విషయం కాదు. ఏజెన్సీ మారిన ప్రతిసారీ పీఎఫ్ తీసేసుకోమని మేస్త్రీలు సలహా ఇస్తుంటారు, ఆ మాట వినవద్దు.

రెండో పని, ఇదే లెక్క ఇంకో నలుగురైదుగురి బ్యాంకు పుస్తకాలతో వేయండి. నాగా లేని నెలలో అందరికీ 11,076 పడితే ఇది మీ అమ్మగారి సమస్య కాదు, 64 మందిది. అప్పుడు అర్జీ మీద ఒక్క పేరు ఉండనక్కర్లేదు. అమ్మగారి భయం అర్థంలేనిది కాదు. ఒంటరిగా సంతకం పెట్టిన మనిషిని దూరపు వార్డుకు మార్చడం, "రేపటి నుంచి రావద్దు" అనడం జరిగేవే. నలభై మంది సంతకాలు పెట్టిన కాగితం విషయంలో అలా చేయడం కష్టం, ఎందుకంటే మర్నాడు వీధులు ఎవరు ఊడుస్తారు? మీ పట్టణంలో మునిసిపల్ కార్మికుల సంఘం ఉంటే వాళ్లతో మాట్లాడండి. ఏ జెండా అన్నది ఇక్కడ అంత ముఖ్యం కాదు.

మూడోది సమాచార హక్కు దరఖాస్తు. ఇది అమ్మ పేరుతో కాకుండా మీ పేరుతో వేయండి, పౌరులు ఎవరైనా అడగవచ్చు. రుసుము 10 రూపాయలు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. గత ఆరు నెలలకు ఈ కాగితాల నకళ్లు అడగండి: ఏజెన్సీతో కుదిరిన అగ్రిమెంటు, మనిషికి ఆమోదించిన రేటు విడివిడి లెక్క, నెలవారీ బిల్లులు, వాటికి జతచేసిన పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు, బిల్లులు చెల్లించిన తేదీలు, ఏజెన్సీ కట్టిన సెక్యూరిటీ డిపాజిట్ ఎంత. ఇతర కార్మికుల ఖాతా నంబర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని మొత్తం తిరస్కరించే సాకు దొరుకుతుంది, కాబట్టి మొత్తాలు, మనుషుల సంఖ్య మాత్రమే అడగండి. చలానాలో ఎంతమందికి చందా కట్టారో ఉంటుంది. అది 64 కంటే తక్కువుంటే కొందరికి కట్టడం లేదు. ఉదయం మస్టర్ పాయింట్ల దగ్గర కనిపించే మనుషుల కంటే బిల్లులో పేర్లు ఎక్కువుంటే అది వేరే కథ, అది ప్రజల సొమ్ము కథ.

30 రోజుల్లో జవాబు రావాలి. "ఆ సమాచారం ఏజెన్సీ దగ్గర ఉంది" అని జవాబు వస్తే బెదరకండి. బిల్లుకు జతచేసిన కాగితం మునిసిపాలిటీ రికార్డే. రాకపోయినా, సగమే వచ్చినా మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.

రెండు నెలల బకాయి కోసం ఇవన్నీ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. కమిషనర్‌కు ఇవాళే అర్జీ ఇవ్వవచ్చు. అందులో ఏజెన్సీని తిట్టవద్దు, కథ చెప్పవద్దు. ఫలానా రెండు నెలల జీతం ఏడో తేదీలోగా అందలేదు, ప్రధాన యజమానిగా మునిసిపాలిటీ చెల్లించి ఏజెన్సీ బిల్లులోంచి, డిపాజిట్‌లోంచి రాబట్టుకోవాలి, అని నాలుగు వాక్యాలు చాలు. బిల్లు ఇంకా ఇవ్వలేదని ఏజెన్సీయే అంటోంది కదా, అంటే ఆ డబ్బు ఇంకా మునిసిపాలిటీ చేతిలోనే ఉందన్నమాట. కమిషనర్ దగ్గర ఇంతకంటే సులువైన మార్గం ఉండదు. ఆఫీసులో ఇచ్చి ఇన్‌వార్డ్ నంబరు వేయించుకున్న నకలు తీసుకోండి. ఒక ప్రతి సహాయ కార్మిక అధికారికి పంపండి. రెండు వాటాల కోత మీద ఫిర్యాదు మాత్రం పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయానికి విడిగా వెళ్లాలి. epfigms.gov.in లో కూడా నమోదు చేయవచ్చు. బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ పాస్‌బుక్ పేజీ, పైన మనం వేసిన లెక్క, ఈ మూడూ జతచేయండి.

మీ చివరి ప్రశ్నకు మీరు కోరుకునే జవాబు నా దగ్గర లేదు. ఎన్నేళ్లు చేసినా కాంట్రాక్టు కార్మికులు దానంతటదే పర్మనెంట్ కారని సుప్రీంకోర్టు 2001లో స్టీల్ అథారిటీ కేసులో తేల్చింది. కాంట్రాక్టు కేవలం ముసుగు అనీ, నిజమైన యజమాని మునిసిపాలిటీయే అనీ పారిశ్రామిక ట్రిబ్యునల్‌లో రుజువు చేయాలి. అలా గెలిచినవాళ్లు ముంబయిలో ఉన్నారు. అక్కడ పాత కాంట్రాక్టు చట్టం 20 మంది ఉంటేనే వర్తించేది కనుక, కాంట్రాక్టులను 20 మందికి లోపుగా ముక్కలు చేసి ఇచ్చేవారు. చెత్త ఎత్తే 2,700 మంది తరఫున కచరా వాహతుక్ శ్రామిక్ సంఘ్ పోరాడింది. 2014లో ట్రిబ్యునల్ వాళ్లను కార్పొరేషన్ ఉద్యోగులుగా గుర్తించమంది. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఏళ్ల తరబడి సాగిన కేసు అది, ఆ తర్వాత కూడా పేర్లలో అక్షరాల తేడాల దగ్గర చాలామంది ఇబ్బంది పడ్డారు. కొత్త కోడ్‌లో ఆ 20ని 50 చేశారు. మీ 64 మందిని రేపు రెండు ఏజెన్సీలకు పంచితే దాని వెనుక ఏముందో మీకు తెలియాలని ఈ మాట చెబుతున్నాను.

అదే కోడ్‌లో ఒక చిన్న వాక్యం మీకు ఉపయోగపడవచ్చు. సంస్థ ప్రధాన పనుల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదు, అయితే ఊడ్వడం, చెత్త సేకరణ వంటివి ప్రధాన పని కింద రావు అని రాసి, "ఆ సంస్థ అందుకోసమే ఏర్పడినది కాకపోతే" అన్న షరతు పెట్టారు. మునిసిపాలిటీ పారిశుద్ధ్యం కోసం కాక మరి దేనికోసం ఏర్పడింది? ఈ వాదనను మీ సంఘం వకీలు ముందు పెట్టండి. మునిసిపాలిటీ అనేక పనులు చేస్తుంది, ఇది వాటిలో ఒకటే అని అవతలివారు అంటారు, దానికి సిద్ధంగా ఉండాలి.

ఏజెన్సీ లేకుండా చేయడం అసాధ్యమేమీ కాదని పక్క రాష్ట్రం చూపించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టి అవుట్‌సోర్సింగ్ సిబ్బంది జీతాలను దాని ద్వారా నేరుగా ఖాతాల్లో వేయడం మొదలుపెట్టింది. మధ్యవర్తి కమిషన్ పోయింది. కానీ హోదా మారలేదు. ప్రభుత్వ సిబ్బంది కింద లెక్కగట్టి సంక్షేమ పథకాలు ఆపేశారనీ, ఉద్యోగ భద్రత మాత్రం ఇవ్వలేదనీ కార్మికులు ఫిర్యాదు చేస్తూ వచ్చారు. 2023 డిసెంబరు చివర మొదలుపెట్టిన సమ్మెలో వాళ్లు అడిగిన వాటిలో పర్మనెంట్ చేయడం, సమాన పనికి సమాన వేతనం ఉన్నాయి. మీ పట్టణంలో అలాంటి ఏర్పాటు వస్తే ఆ 2,457 రూపాయలు తిరిగి రావచ్చు. పర్మనెంట్ అన్నది వేరే పోరాటం.

ఆ పోరాటానికి ఎప్పుడైనా పూనుకుంటే కావలసినవి ఇప్పటినుంచే దాచండి: మూడు ఏజెన్సీలు ఇచ్చిన గుర్తింపు కార్డులు, మునిసిపాలిటీ ముద్ర ఉన్న ఏ కాగితమైనా, వార్డు మార్పు ఆదేశాలు, మేస్త్రీ ఫోనుకు పంపే హాజరు ఫోటోలు, శానిటరీ ఇన్‌స్పెక్టర్ పని అప్పగించిన సందేశాలు. పని చెప్పింది ఎవరో చూపించేవి ఏవైనా సరే. ఆధార్‌లో, బ్యాంకులో, పీఎఫ్‌లో, మస్టర్‌లో అమ్మగారి పేరు ఒకేలా ఉందో లేదో ఈ వారంలోనే చూసి, తేడా ఉంటే దిద్దించండి.